చెల్లని బిల్లుల కట్ట

షేక్ అక్తరున్నీసా బేగం అనే పూర్తి పేరును ఛాయాదేవి మొదటిసారి చూసింది బల్లమీద పెట్టిన ఒక నల్లని చెక్కపలక మీద. తొంభై ఎనిమిది జనవరిలో, గవర్నరుపేటలోని ఒక బీమా కార్యాలయం రెండో అంతస్తులో, మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరకముందే ఆ పలక వెనుక ఉన్న మనిషి తలెత్తకుండా చేయి చాచింది. ఆ చేతిలో ఛాయాదేవి తన ఫైలు పెట్టింది. ముప్ఫై మూడేళ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పిన మనిషి సిద్ధం చేసిన ఫైలు అది. కాగితాలన్నిటినీ పెద్దవి అడుగున, చిన్నవి పైన వచ్చేటట్లు పరిమాణం ప్రకారం పేర్చి, అంచులు సరిచేసి, తెల్లదారంతో కుట్టింది. చివర మొత్తం వేసి రెండు గీతలు గీసింది.

అక్తరున్నీసా ఆ ఫైలును ఒక నిమిషంపాటు అటూ ఇటూ తిప్పి చూసి, సొరుగులోంచి చిన్న కత్తెర తీసి దారం కత్తిరించింది.

ఛాయాదేవికి ఆ కత్తెర తన మెడమీదికి వచ్చినట్లయింది. పొరుగింటి శివపార్వతి ముందే చెప్పింది, బీమా ఆఫీసువాళ్లు చెక్కు ఇచ్చేముందు నూటికి పది చేతిలో పడాలంటారని, పడకపోతే ఏదో ఒక కాగితం మాయమవుతుందని. అందుకని ఛాయాదేవి కుర్చీని కొంచెం ముందుకు జరుపుకొని, ఆమె చేతులవైపే చూస్తూ కూర్చుంది. పరీక్ష హాలులో కాపలా కాసిన కళ్లు అవి. చీటీ కొంగులోకి పోతుందో సొరుగులోకి పోతుందో కనిపెట్టడం వాటికి కొత్త కాదు.

చీటీలు ఎక్కడికీ పోలేదు. అవి బల్లమీద కట్టలుగా విడిపోయాయి. ఆసుపత్రి గది, నర్సింగు ఖర్చులు ఒక కట్ట. శస్త్రచికిత్స చేసిన డాక్టరు, మత్తు ఇచ్చిన డాక్టరు తీసుకున్న ఫీజులు ఒక కట్ట. రక్తపరీక్షలు, స్కానింగు మరొకటి. మందుల దుకాణం రసీదులను మాత్రం ఆమె మళ్లీ విడదీసింది. ఆసుపత్రిలో చేరకముందు ముప్ఫై రోజులలోపు కొన్నవి, ఆసుపత్రిలో ఉండగా కొన్నవి, ఇంటికి వచ్చాక అరవై రోజులలోపు కొన్నవి. ప్రతి రసీదుకూ పక్కన డాక్టరు రాసిన చీటీ ఉందో లేదో చూసి, లేనిదాన్ని అడగవలసిన కట్టలో పెట్టింది. రోగికి తోడున్నవారి భోజనం, టెలిఫోను, సబ్బు, పౌడరు, హార్లిక్స్ ఇవన్నీ చివరి కట్టలో పడ్డాయి. ఆ కట్టకు ఎర్ర రబ్బరుబ్యాండు వేసింది.

"అవేమిటి?" అని ఛాయాదేవి అడిగింది.

"చెల్లనివండీ," అన్నది అక్తరున్నీసా.

చెల్లనివి అనగానే వాటిని పక్కకు నెట్టేస్తుందని ఛాయాదేవి అనుకున్నది. ఆమె నెట్టలేదు. మిగతావన్నీ చూడడం అయ్యాక ఆ ఎర్రబ్యాండు కట్టనే మళ్లీ విప్పి, అన్నిటికంటే నెమ్మదిగా చదవసాగింది. డబ్బు రాని కాగితాన్ని అంతసేపు చదివే మనిషిని నమ్మడమెలాగో ఛాయాదేవికి తెలియలేదు.

అయితే ఆ రోజు చదవడం పూర్తికాలేదు. మందుల రసీదుల దగ్గరే ఆమె ఆగిపోయింది. ఛాయాదేవి భర్త బసవపున్నయ్య నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. డిసెంబరులో ఆయనకు ఉండుకం, అంటే అపెండిక్స్, పగిలి, సూర్యారావుపేటలోని ఒక నర్సింగ్‌హోములో పదకొండు రోజులున్నారు. ఆపరేషను తరువాత రోజుకు రెండేసి చొప్పున సెఫోటాక్సిమ్ ఇంజక్షన్లు ఇవ్వాలన్నారు. పది రోజులకు సరిపడా ఇరవై ఒకేసారి కొన్నారు. ఇరవైకీ ఒక్కటే రసీదు ఉంది.

"ఇరవై కొన్నారు సరేనండీ. ఇరవై చేశారా?" అన్నది అక్తరున్నీసా.

"కొన్నాక చెయ్యకుండా ఏం చేస్తారు?"

"అదే నేనూ అడుగుతున్నానండీ. ఇంజక్షను చేసినప్పుడల్లా నర్సు టైము వేసి సంతకం పెట్టే చార్టు ఒకటుంటది. దాని జిరాక్సు తెచ్చివ్వండి."

ఛాయాదేవి లేచింది. తన జీవితంలో ఏ పిల్లవాడి ప్రోగ్రెసు కార్డు మీది తండ్రి సంతకాన్నీ దొంగదేమోనని అనుమానించకుండా తీసుకోలేదు. తన మాటను అనుమానించి ఇంకొకరి సంతకం అడిగిన మనిషి మాత్రం ఇప్పుడే ఎదురైంది. మెట్లు దిగుతూ, శివపార్వతి చెప్పింది నిజమే, నూటికి పదికి ఇది మొదటి మెట్టు అని నిశ్చయించుకున్నది.

మరునాడే ఆసుపత్రికి వెళ్లి చార్టు తెచ్చింది. అక్తరున్నీసా ఒక్కొక్క సంతకం మీదా పెన్సిలు కొస ఆనించుకుంటూ లెక్కపెట్టింది. ఏడు రోజులు, పద్నాలుగు సంతకాలు. ఎనిమిదో రోజున డాక్టరు ఇంజక్షన్లు ఆపి మాత్రలు రాశారు. ఇరవైలో పద్నాలుగు పోగా ఆరు మిగలాలి.

"ఆ ఆరూ ఏమైనాయండీ, టీచరుగారూ?"

ఆ గొంతులో నింద లేదు. నింద లేకపోవడమే ఛాయాదేవికి మరింత అనుమానం కలిగించింది. మెత్తగా అడిగేవాళ్లే లోతుగా తవ్వుతారు. ఆమె ఆలోచించింది. మందులన్నీ మంచం పక్కన ఉన్న ఇనుప అలమరలో ఉండేవి. దాని తాళంచెవి వార్డు నర్సు రూతు దగ్గర ఉండేది. రూతు మెత్తగా నడిచేది, తక్కువ మాట్లాడేది, డ్యూటీ దిగేటప్పుడు చేతిసంచి ఒకటి పట్టుకుపోయేది. ఆ సంచి ఇప్పుడు ఛాయాదేవి కళ్లముందు ఉబ్బుతూ పెద్దదయింది.

"నాకు తెలిసింది," అన్నది.

"ఏం తెలిసిందండీ?"

ఛాయాదేవి లేచిపోయింది. తిన్నగా ఆసుపత్రికి వెళ్లి మేనేజరు జక్కయ్యకు ఫిర్యాదు రాసి ఇచ్చింది. కర్త, కర్మ, క్రియ ఎక్కడా తడబడని ఫిర్యాదు అది. ఆరు ఇంజక్షన్లు తాళంలో ఉండగా మాయమయ్యాయనీ, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఆసుపత్రి వారికే తెలుసుననీ రాసింది. రూతు పేరు రాయలేదు, రాయకుండానే చూపించింది. జక్కయ్య దాన్ని రెండుసార్లు చదివి, తేలేవరకూ ఆ అమ్మాయిని డ్యూటీలోకి రానివ్వనని, తప్పని తేలితే పంపించేస్తానని చెప్పాడు. ఛాయాదేవి తృప్తిగా ఇంటికి వెళ్లింది. బసవపున్నయ్యకు ఈ సంగతి చెప్పలేదు. కుట్లు మానుతున్న మనిషికి చికాకు కలిగించవద్దని డాక్టరు చెప్పారు.

వారం గడిచింది. చలి పెరిగి మోకాళ్లు సలుపుతున్నాయి. రోజూ పడుకునేముందు ఛాయాదేవి వేడినీళ్ల రబ్బరుసంచి మోకాళ్లకింద పెట్టుకునేది. బసవపున్నయ్యను ఆసుపత్రిలో చూడవచ్చినప్పుడు ఆయన పాత స్నేహితుడు శౌరయ్య ఇచ్చిపోయాడట ఆ సంచిని, దానితోపాటు ఒక ఫ్లాస్కునూ రెండు హార్లిక్స్ సీసాలనూ. శౌరయ్య జీవితంలో ఎవరికీ అరటిపండు కూడా పెట్టిన మనిషి కాదు. ఆ ఒక్కదాన్నీ ఛాయాదేవి అనుమానించలేదు. జబ్బు మనుషుల్ని మారుస్తుందనుకున్నది.

బీమా ఆఫీసునుంచి కార్డు వచ్చింది, ఒకసారి రమ్మని. ఛాయాదేవి ఈసారి సిద్ధపడే వెళ్లింది. నూటికి పది అన్న మాట ఆ నోటినుండి వస్తే డివిజనల్ మేనేజరు గదిలోకే నడిచి వెళ్దామనుకున్నది.

అక్తరున్నీసా ఎర్రబ్యాండు కట్ట విప్పి అందులోంచి ఒక రసీదు తీసి, దాని పక్కన అదే దుకాణానివి ఇంకో మూడు రసీదులు పెట్టింది.

"వీటిని చూడండి. ఈ మూడింటి మీదా ఊదారంగు స్టాంపు ఉంది, డబ్బు ముట్టినట్లు. నాలుగోదాని మీద లేదు."

నిజమే. నాలుగోదాని మీద స్టాంపు లేదు. అది ఇంటికి వచ్చేసిన రోజు రసీదు. దుకాణంవాడి గొలుసు రాతలో మూడు వరుసలున్నాయి. ఆ రాతను ఛాయాదేవి ఎన్నడూ చదవలేదు. మందుల రసీదుల రాతను చదవడం తన స్థాయికి తగిన పని కాదన్న భావం ఆమెకు ఉండేది. కాగితం పొడవు వెడల్పులు చూసి కుట్టింది, అడుగున ఉన్న అంకెను మొత్తంలో కలిపింది.

"మొదటిది నూటనలభై, రెండోది నూటఎనభై, మూడోది నూటఅరవై. మొత్తం నాలుగువందల ఎనభై. స్టాంపు ఉండాల్సిన చోట ఏముందో చూడండి."

అక్కడ పెన్నుతో ‘రిటర్న్ 6’ అని ఉంది.

"ఇంజక్షను ఒకటి ఎనభై రూపాయలు. ఆరెనభైలు?" అని అడిగి, అక్తరున్నీసా జవాబుకోసం ఆగలేదు. గొంతు తగ్గించి, "మీ ఇంట్లో హాట్‌వాటర్ బ్యాగు ఉందా, టీచరుగారూ?" అన్నది.

తన మోకాళ్ల సంగతి ఈమెకు ఎవరు చెప్పారని ఛాయాదేవికి మొదట అనుమానం వచ్చింది. ఆ అనుమానం సగంలోనే తెగిపోయింది. హాట్‌వాటర్ బ్యాగు, హార్లిక్స్ రెండు, ఫ్లాస్కు. గొలుసు రాత ఇప్పుడు అచ్చు పుస్తకంలాగా కనిపించింది.

ఆ వీధిలోని మందుల దుకాణాలకు ఒక పద్ధతి ఉండేది. మిగిలిన మందులు తిరిగి తీసుకుంటారు కానీ చేతికి డబ్బు ఇవ్వరు. ఆ విలువకు సరిపడా సామాను తీసుకోమంటారు. మందులు కొన్న పాత రసీదును దిద్దరు, సామానుకు మాత్రం కొత్త రసీదు రాసిస్తారు. తెలియనివాళ్లు రెండు రసీదులనూ ఫైలులో పెడతారు. "ఆ నాలుగువందల ఎనభైనే మీరు రెండుసార్లు అడిగారండీ," అన్నది అక్తరున్నీసా. "ఒకసారి ఇంజక్షన్ల పేరుమీద, ఇంకోసారి హార్లిక్స్ పేరుమీద. హార్లిక్స్ ఎటూ చెల్లదు. చెల్లదు కదా అని దాన్ని చదవకుండా పారేసి, చార్టు చూసి ఆరు కొట్టేసుంటే నా పని అయిపోయేది. కానీ మీరు ఆ రోజు, నాకు తెలిసింది అని లేచిపోయారు. ఏం తెలిసిందో చెప్పలేదు. నాకు నిద్ర పట్టలేదండీ."

ఛాయాదేవి, ఆసుపత్రిలో తాను ఏం రాసిచ్చిందో చెప్పింది.

అక్తరున్నీసా పెన్సిలు కింద పెట్టింది. "మా నాన్న వన్ టౌనులో తాళాలు బాగుచేసేవారు. నవాబ్ సాహెబంటే ఆ వీధంతా తెలుసు. తాళంచెవి పోయిందని ఎవరన్నా వస్తే, ముందు ఆ ఇల్లు నీదేనా అని అడిగేవారు. పదిమందిని అడిగేవారు. అడిగి తెలుసుకునేదాకా తాళం ముట్టుకునేవారు కాదు, మనిషిని దొంగనేవారూ కాదు." ఫైలు మూసి ఛాయాదేవివైపు జరిపింది. "ముందు ఆ అమ్మాయి సంగతి చూడండి. ఈ చెక్కు ఎక్కడికీ పోదు."

ఇంటికి వెళ్లేసరికి బసవపున్నయ్య వసారాలో ఎండ కాచుకుంటున్నారు. రబ్బరుసంచి తెచ్చి ఆయన ఒళ్లో పెట్టి, ఇది శౌరయ్య ఇచ్చిందేనా అని ఛాయాదేవి అడిగింది. ఆయన దొరికిపోయిన పిల్లవాడిలా చూశారు. డిశ్చార్జి రోజున ఆమె పైన బిల్లు కడుతుండగా, రూతే ఆయన్ను కుర్చీబండిలో దుకాణం దాకా తీసుకువెళ్లిందట. అలమరలో మిగిలిన ఆరింటినీ లెక్కపెట్టి ఆయన చేతికిచ్చింది కూడా ఆ అమ్మాయేనట. దుకాణంవాడు రాసిచ్చిన రసీదు మిగతా చీటీల్లో కలిసిపోయిందట.

"మిగిలిన ఇంజక్షన్లు ఏం చేసుకుంటాం, ఆవకాయ పెట్టుకుంటామా?" అన్నారాయన. "నీ మోకాళ్లు చూస్తున్నా కదా. కొంటే ఎందుకు కొన్నావని రెండురోజులు పాఠం చెబుతావు. శౌరయ్య ఇచ్చాడంటే ఏమీ అనవు. పైగా వాడికి మంచిపేరు వస్తుందని చెప్పా."

రూతు లెక్కపెట్టి ఇచ్చిందన్న మాట దగ్గర ఛాయాదేవి అరుగుమీద కూర్చుంది. ఆయనకు అప్పుడు అంతా చెప్పింది. ఆయన రబ్బరుసంచిని ఒళ్లోంచి తీసి పక్కన పెట్టారు. రాత్రిళ్లు తనకు దాహమైతే ఆ పిల్లే లేచి నీళ్లు పట్టేదని మాత్రం అన్నారు.

రూతు ఇల్లు ఇబ్రహీంపట్నంలో, థర్మల్ స్టేషను చిమ్నీలు కనపడే ఒక వాడలో. ఆమె భర్త ఆ స్టేషనులోనే కాంట్రాక్టు పని చేస్తాడు. సిటీ బస్సు దిగి, ఇల్లు అడుగుతూ వెళ్లేసరికి రూతు వాకిట్లో బొగ్గునుసి ఊడుస్తున్నది. ఛాయాదేవిని చూసి చీపురు పక్కన పెట్టింది, రమ్మనలేదు, పొమ్మనలేదు. జరిగిందంతా విన్నాక ఒక్కటే మాట అన్నది.

"తాళంచెవి నా దగ్గరుంటదండీ. ఏది పోయినా ముందు నా సంచే చూస్తారు. మీరు రాయకపోయినా చూస్తారు. రాసినారు గనక పనిలోంచే తీసినారు."

క్షమించమని ఛాయాదేవి అడిగింది.  రూతు కాస్త ఆలోచించి, నోటిమాట జక్కయ్యగారికి పనికిరాదనీ, మొదటిది ఎంత కాగితం మీద రాశారో అంత కాగితం మీద మళ్లీ రాసివ్వమనీ అడిగింది.

అంత కాగితం మీదే రాసింది. తప్పు తనదనీ, ఆరు ఇంజక్షన్లనూ రూతు లెక్కపెట్టి రోగి చేతికిచ్చిందనీ, వాటికి బదులుగా వచ్చిన వస్తువును ఫిర్యాదు రాసిన మనిషే రోజూ వాడుకుంటున్నదనీ రాసింది. మొదటి ఫిర్యాదు పెట్టిన ఫైలులోనే, దానికి పైన దీన్ని పెట్టేవరకూ జక్కయ్య గదిలోంచి కదలలేదు. పెద్దవారు, ఎవరో చెబితే నమ్మి రాసి ఉంటారు, పోనివ్వండని జక్కయ్య సర్దబోయాడు. ఎవరూ చెప్పలేదు, తానే అనుకున్నానని ఛాయాదేవి దిద్దింది. సోమవారంనుంచి రూతు డ్యూటీకి వచ్చింది. పోయిన ఎనిమిది రోజుల జీతం ఇప్పించడానికి మాత్రం ఇంకో రెండుసార్లు వెళ్లవలసి వచ్చింది.

చెక్కు వచ్చినప్పుడు అందులో రెండు నాలుగువందల ఎనభైలూ, భోజనమూ, టెలిఫోనూ, పౌడరూ లేవు. మిగిలింది పైసాతో సహా ఉంది. నూటికి పది ఎవరూ అడగలేదు. ఛాయాదేవి ఒక డజను చక్కెరకేళీలు పట్టుకుపోతే, క్లెయిము ఫైలు మూసిన తరువాత కూడా అరటిపండు తీసుకోవడం చెల్లని కట్టలోకే వస్తుందని అక్తరున్నీసా వాటిని వెనక్కిచ్చేసింది. అయితే మరో నెలకు, ఒక ఆదివారం, పటమటలో ఉన్న తన ఇంటికి భోజనానికి పిలిచింది. అలా మొదలైంది వాళ్ల స్నేహం.

స్నేహమైనా అనుమానం ఇద్దరిలోనూ తగ్గలేదు. కాకపోతే ఒకరి అనుమానం మరొకరికి పనికివచ్చింది. తెలిసినవాళ్ల ఫైళ్లు పట్టుకొని ఛాయాదేవి ఆ బల్ల దగ్గరకు వెళ్లేది. ఒకసారి పదిరోజుల తేదీలున్న పది రసీదులు వచ్చాయి. తేదీలు వేరు, రసీదు నంబర్లు మాత్రం వరుసగా ఉన్నాయి. ఆ పది రోజులూ దుకాణానికి ఇంకొక్క గిరాకీ కూడా రాలేదా అని అక్తరున్నీసా అడిగింది, అంతే. అన్నీ ఒక్కచోట కూర్చుని రాసినవని తేలింది. మరోసారి డిశ్చార్జి అయిన డెబ్భయ్యో రోజున కొన్న మందుల రసీదు మీద తేదీ దిద్దినట్లుంటే, సిరా రంగు చూసి ఛాయాదేవి పట్టుకున్నది. కానీ పట్టుకున్నాక తొందరపడలేదు. ముందు అడిగింది. దిద్దింది దుకాణంవాడేననీ, నెల తప్పు వేసి సరిచేశాడనీ, అతని కార్బను కాపీలో కూడా అలాగే ఉందనీ తేలింది. ఆ మందులు గడువు దాటినవి కాబట్టి ఎటూ చెల్లలేదు. తెచ్చిన మనిషి మాత్రం దొంగ కాలేదు.

రెండువేల నాలుగులో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం వస్తే అక్తరున్నీసా ఉద్యోగం వదిలింది. అప్పటికే బిల్లులు చూసే పని మధ్యవర్తి సంస్థలకు పోయింది. ఫైళ్లు హైదరాబాదు వెళ్లి ఉత్తరాలై వచ్చేవి. ఆ ఉత్తరాలు పట్టుకొని జనం పటమట ఇంటికి వచ్చేవారు. ఆమె చాపమీద కట్టలు వేసేది. ఏ కాగితం ఎందుకు ఆపారో, దానికి ఏ చీటీ జతచేస్తే వస్తుందో, ఏది ఎన్నటికీ రాదో చెప్పేది. వచ్చినవాళ్ల తరఫున ఉత్తరాలు ఛాయాదేవి రాసేది. బసవపున్నయ్య పోయిన తరువాత ఆ చాపే ఛాయాదేవికి బడి అయింది.

రెండువేల ఎనిమిది వానాకాలంలో అక్తరున్నీసా మూత్రపిండాల జబ్బుతో ఆసుపత్రిలో చేరింది. సూది గుచ్చడానికి వచ్చిన ప్రతి నర్సునూ మందు పేరు అడిగి, సీసా మీద గడువు తేదీ చదవమనేది. వాళ్లు విసుక్కునేవారు కాదు. సూర్యారావుపేటనుంచి ఈ ఆసుపత్రికి మారి ఇప్పుడు పెద్దనర్సుగా ఉన్న రూతు, అడిగినదానికల్లా జవాబు చెప్పమని వాళ్లకు ముందే చెప్పి ఉంచింది. ఛాయాదేవి పగలంతా మంచం పక్కన కూర్చుని బిల్లులు కట్టలు కట్టేది. చివరి కట్టకు ఎర్రబ్యాండు.

పదమూడో రోజు సాయంత్రం డాక్టరు ఒక మందు ఆపేశారు. అలమరలో తొమ్మిది సీసాలు మిగిలాయి. రూతు వాటిని తెచ్చి, మంచం మీద ఒక్కొక్కటే పెడుతూ పైకి లెక్కపెట్టింది. ఛాయాదేవి కూడా లెక్కపెట్టింది. కళ్లు మూసుకొని ఉన్న అక్తరున్నీసా పెదవులు కదలడం చూసి, ఆమె కూడా లెక్కపెడుతున్నదని ఇద్దరికీ తెలిసింది.

ఛాయాదేవి సీసాలను సంచిలో వేసుకొని లేవబోతుంటే అక్తరున్నీసా ఆమె చీరకొంగు పట్టుకొని ఆపింది. గొంతు బాగా సన్నగిల్లింది. ఛాయాదేవి వంగి చెవి దగ్గరగా పెట్టింది.

"పాత రసీదు కూడా పట్టుకెళ్లండి టీచరుగారూ. దానిమీదే తొమ్మిదీ కొట్టేయించి, సంతకం పెట్టించుకురండి. సామాను ఇస్తానంటాడు. మీ మోకాళ్లు ఎంత నొప్పిగా ఉన్నా సరే, తీసుకోకండి."